ధర అనుమానంగా వస్తే పాత లెక్కకి దానంతటదే పోవాలా?

కావలి_కుర్రోడు: మా యాప్‌లో వడ్లు, రొయ్యల ధరలు రోజూ పొద్దున 6కి రిఫ్రెష్ అవుతాయి. మొన్న పుట్టి బీపీటీ 19,550 ఉంటే నిన్న 2,300 పడింది, ఒకటే ఫోన్లు. ఇట్టాంటప్పుడు పాత వెర్షన్‌కి ఆటోమేటిక్‌గా వెళ్లిపోయేట్టు పెట్టొచ్చా?

పుట్టి_లెక్క: పెట్టు. ముందు కొత్తదాన్ని పాతదాని మీదే రాసే పని మానేయ్. వేరే టేబుల్‌లోకి దించి, అక్కడే చూసుకుని, బాగుంటేనే పేర్లు మార్చాలి, పాతది `rates_prev`గా ఉండిపోద్ది. ఇంకోటి, మీది ధర పడటం కాదు. 19,550ని 2,300తో భాగించు, సరిగ్గా 8.5. మన పుట్టి 850 కిలోలు, క్వింటా 100. పంపేవాడు పుట్టి మానేసి క్వింటా ధర పంపాడు. మిగతా రకాలు కూడా భాగించి చూడు, అన్నిట్లో అదే 8.5 వస్తే యూనిట్ మారినట్టే. మార్కెట్ పడితే అన్ని రకాలూ ఒకే లెక్కన పడవు గదా

ఒంగోలు_డేటా: ఇంత ఎందుకబ్బా, 20 శాతం దాటితే వెనక్కి కొట్టెయ్. మాది రెండేళ్లుగా అట్టే నడస్తా ఉంది.

అల్లూరు_గుంటలు: ఆ 20 శాతం వల్లే నేను మునిగా. 2025 ఏప్రిల్‌లో అమెరికా సుంకాలన్న వారం రొయ్య ధర పడితే, నేను చూసే యాప్‌లో పాత ధరే ఉండింది, అది చూసి పట్టుబడికి మనుషుల్ని పిలిచా, ఏజెంట్ కట్ట మీదకొచ్చి ఆ ధర యాడిదన్నా అని నవ్వాడు. వలలు అప్పటికే దిగినాయి.

నెల్లూరోడు: రొయ్యకి పుట్టి లెక్కేంది సామీ

పుట్టి_లెక్క: @ఒంగోలు_డేటా 100 కౌంట్ రొయ్య నిజంగానే 240 నించి 180కి పడిందనుకో. నీ రూల్ ఆపుద్ది. రేపు 178 వస్తే దాన్ని కూడా ఆ పాత 240తోనే పోలుస్తది, మళ్లీ ఆపుద్ది. ధర తిరిగి లేస్తే తప్ప బయటికి రాదు. అందుకే వరసలు సగం రాలేదు, ఖాళీలు పడ్డాయి, యూనిట్ మారింది, వీటికే ఆటోమేటిక్. వట్టి ధర కదిలితే మనిషి చూడాల.

ఒంగోలు_డేటా: మాకు మెయిలొస్తది, మనిషే ఓకే కొడతాడు. తెలీకుండా మాట్లాడొద్దు. ఒక్క తప్పు అంకె పడితే యాప్ తీసేస్తారు జనం, ఆ నష్టం నీకేం తెలుసు.

అల్లూరు_గుంటలు: మెయిల్ ఆదివారం ఎవరు చూస్తారయ్యా? అయినా రోల్‌బ్యాక్ వద్దని నేనెప్పుడన్నా? పాత ధర చూపించుకో, పైన ఆరోజు తేదీ ఎందుకేశారు అంటా ఉండా. నాలుగు రోజుల కిందటిదని రాసుంటే నేను వల దించేవాణ్ణి కాదు.

పుట్టి_లెక్క: ఇది ముందే చెప్పుంటే ఇంత గొడవే లేదు. తేదీ ధరతో పాటే టేబుల్‌లో ఉండాల, వెనక్కి పోతే అదీ పాతదే రావాల. చాలామంది పైన తేదీని ఫోన్ గడియారం నించి తీసుకుంటారు.

కావలి_కుర్రోడు: ఇప్పుడే కోడ్ చూశా, మాదీ అట్టే ఉంది 😬 రకాలన్నిట్లో 8.5 వచ్చింది, ఒక్క దాంట్లో 8.1. అది నిజంగా కదిలిందో, అదీ తప్పో అర్థం కాలా.

ఒంగోలు_డేటా: 8.1 అయితే ఆపెయ్.

అల్లూరు_గుంటలు: మిల్లుకి ఫోన్ చేసి అడగరాదా