సమన్లు వచ్చాయి: లాయర్ని ఇప్పుడే పెట్టాలా, మొదటి వాయిదా చూసి పెట్టాలా?

పల్నాటి కుర్రాడు:
నాన్న మీద జూనియర్ సివిల్ జడ్జి కోర్టులో ప్రాంసరీ నోటు దావా వేశారు. నోటు తేదీ 10-6-2021, అసలు మూడు లక్షలు. వెనక 5-6-2024న వెయ్యి రూపాయలు చెల్లు వేసినట్టు ఉంది. నాన్న ఆ వెయ్యి కట్టలేదంటున్నారు. ఆయన బెంగళూరులో అక్క దగ్గరున్నారు. ఈ ఏడాది మార్చి 5న అమీను వస్తే అమ్మ సంతకం పెట్టి సమన్లు తీసుకుంది. వాయిదా మార్చి 24. అమ్మ తీసుకోకుండా ఉండాల్సిందా? ఆ రోజు నేను వెళ్తే సరిపోతుందా? లాయర్ని ఎప్పుడు పెట్టాలి?

రైతుబిడ్డ:
తీసుకోకుండా ఉండాల్సింది. పేరున్న మనిషి చేతికిస్తేనే సమన్లు అందినట్టు. ఇప్పుడైనా కంగారేం లేదు, మొదటి వాయిదాకి ఎవరూ పోకపోయినా ఇంకో వాయిదా ఇస్తారు. జవాబు వేయడానికి 90 రోజులుంటాయి. మనం రాలేదని ఎక్స్‌పార్టీ చేసి మనల్ని వినకుండానే కేసు నడిపినా, తర్వాత పిటిషన్ వేసి తీయించుకోవచ్చు. ఇప్పట్నుంచే ఫీజులు పోయడం దేనికి?

వకీలు గుమాస్తా:
రైతుబిడ్డ గారూ, మీరు చెప్పినదాంట్లో సగం నిజమే, ఆ సగాన్ని నమ్ముకునే జనం మునుగుతారు. మనిషి ఇంట్లో లేక, తొందరగా దొరికే వీలూ లేకపోతే ఇంట్లోని పెద్దవాళ్లకి ఇచ్చినా సమన్లు అందినట్టే. పనిమనిషికిస్తే మాత్రం చెల్లదు. అమ్మగారు వద్దని ఉంటే అమీను తలుపుకి అంటించి, సాక్షి పేరుతో రిపోర్టు రాసి కోర్టుకి పంపేవాడు. రిజిస్టర్డ్ పోస్టుని తిప్పి పంపినా "రిఫ్యూజ్డ్" అన్న రాత మీదే అందినట్టు లెక్క కట్టవచ్చు. పైగా దావా కాపీ మన చేతికి రాదు. అమ్మగారు చేసింది సరైన పనే.

జవాబు వేసే గడువు 30 రోజులు. అవి మార్చి 24 నుంచి కాదు, సమన్లు అందిన మార్చి 5 నుంచి నడుస్తాయి. అంటే ఏప్రిల్ 4కి ఆ రాతపూర్వక జవాబు, రిటన్ స్టేట్‌మెంట్, పడాలి. 90 రోజులన్నది కోర్టు కారణం రాసి పెంచగల గడువు, మన హక్కు కాదు. ఇలాంటి మామూలు దావాలో అది దాటాక కూడా ఒక్కోసారి ఒప్పుకుంటారు, కాకపోతే ఖర్చులు కట్టమంటారు. 24 దాకా ఆగి ఆ తర్వాత లాయర్ని వెతికితే చేతిలో పదకొండు రోజులే మిగులుతాయి.

రైతుబిడ్డ:
మరి ఎక్స్‌పార్టీ తీయించుకోవచ్చన్నది తప్పా?

వకీలు గుమాస్తా:
తప్పు కాదు. డిక్రీ కాకముందైతే సరైన కారణం చూపిస్తే చాలు. డిక్రీ అయ్యాక మాత్రం ఆ తేదీ నుంచి, సమన్లు సరిగా అందకపోతే డిక్రీ సంగతి తెలిసిన రోజు నుంచి, 30 రోజుల్లో పిటిషన్ వేసి, సమన్లు సరిగా అందలేదనో, రాలేకపోవడానికి తగిన కారణం ఉందనో రుజువు చేయాలి. అమ్మగారి సంతకం ఉండగా "అందలేదు" అనేది నిలబడటం కష్టం. కొన్ని కోర్టులు డిక్రీ మొత్తంలో కొంత కట్టించుకుని గానీ రద్దు చేయవు. ఈలోపు డిక్రీ అమలు చేయమని ఎగ్జిక్యూషన్ వేస్తే ఇంటి మీదకే జప్తు వస్తుంది.

మధుర_వాసి:
నాకూ ఇలాగే సమన్లు వచ్చాయి, చెక్కు బౌన్సు కేసు. మా లాయరు "మీరు తప్పక రావాలి, రాకపోతే వారంటు" అన్నాడు. కాబట్టి మీ నాన్నగారిని ఫ్లైట్ ఎక్కించండి.

గుంటూరు అడ్వకేట్:
అది క్రిమినల్ కేసు, నిందితుడు హాజరై బాండు ఇవ్వాలి. ఇది సివిల్ దావా, తన తరఫున ఫలానా లాయరు వాదిస్తారని రాసిచ్చే వకాల్తా పడితే నాన్నగారు మార్చి 24న రానక్కర్లేదు. రాలేదని అరెస్టు చేయరు. సాక్ష్యం చెప్పాల్సిన దశలో రావాలి.

కొడుకు ఒక్కడే వెళ్తే పని జరగదు. పదిన్నరకి కేసులు పిలుస్తారు, బంట్రోతు పేరు కేక వేస్తాడు. "మా నాన్నగారు రాలేకపోయారండి" అంటే జడ్జి వినొచ్చు, కానీ రికార్డులో ప్రతివాది హాజరైనట్టు కాదు. ఈ వారమే ఒక లాయర్ని మాట్లాడుకుని వకాల్తా ఫారం నాన్నగారికి కొరియర్ చేయండి. ఆయన అక్కడ ఒక అడ్వకేటు ముందో నోటరీ ముందో సంతకం పెట్టి పంపుతారు. రిటన్ స్టేట్‌మెంట్‌కీ ఆయన సంతకం, దానితోపాటు అఫిడవిట్టు కావాలి గనక, డ్రాఫ్టు వెళ్లి రావడానికి వారం పది రోజులు లెక్కలో ఉంచుకోండి.

లాయర్ని అడగాల్సినవి రెండే. ఈ వాది తరఫున ఎప్పుడైనా పనిచేశారా? ఫీజు మొత్తం దావాకా, వాయిదాకా? డబ్బిస్తే రసీదు తీసుకోండి. ఖాళీ కాగితాల మీద సంతకాలు అడిగితే ఎందుకో అడగండి. తర్వాత లాయర్ని మార్చాలంటే పాతాయన "అభ్యంతరం లేదు" అని రాసివ్వాల్సి వస్తుంది, అక్కడే చాలా కేసులు నెలలు ఆగిపోతాయి. ఫీజు కట్టలేకపోతే 15100కి ఫోన్ చేసి న్యాయ సేవాధికార సంస్థని అడగండి.

పల్నాటి కుర్రాడు:
సమన్లతో వచ్చిన కాగితాల్లో దావా కాక, ఐ.ఏ. అని ఇంకో పిటిషన్ కూడా ఉంది. అది చదవాలా?

వకీలు గుమాస్తా:
అదే ముందు చదవాలి! డబ్బు దావాలతో పాటు తీర్పుకి ముందే జప్తు అడిగే పిటిషన్ వేయడం మామూలు. ఆస్తి అమ్మేసి ఎగ్గొడతాడని రాసి, సెక్యూరిటీ ఇవ్వమంటారు. ఇచ్చిన గడువులో దానికి జవాబుగా కౌంటర్ వేయకపోతే పొలం మీద జప్తు ఉత్తర్వు పడొచ్చు. "మేం ఏ ఆస్తీ అమ్మే ప్రయత్నం చేయడం లేదు" అని మీ నాన్నగారు ప్రమాణపూర్వకంగా చెప్పాలి, అది నిజమైతేనే. కేసు తేదీలు లాయరు చెప్పిందే నమ్మకుండా services.ecourts.gov.in లో కేసుకిచ్చిన సీఎన్ఆర్ నంబరు కొట్టి మీరూ చూసుకోండి.

గుంటూరు అడ్వకేట్:
ఇక అసలు గుట్టు ఆ వెయ్యి రూపాయల చెల్లులో ఉంది. నోటు 2021 జూన్ 10 నాటిది, దావా వేయడానికి మూడేళ్ల గడువు మామూలు లెక్కలో 2024 జూన్ 10తో పోతుంది. సరిగ్గా దానికి ఐదు రోజుల ముందు చెల్లు పడింది. చెల్లు నిజమైతే మూడేళ్లు మళ్లీ ఆ రోజు నుంచి మొదలవుతాయి. కోవిడ్ వల్ల సుప్రీంకోర్టు 2022 ఫిబ్రవరి 28 దాకా కాలాన్ని లెక్కలోంచి తీసేసింది గనక, దావా 2025 ఫిబ్రవరి దాటాక వేసి ఉంటే, చెల్లు లేకపోతే అది కాలం చెల్లినదే. కాబట్టి చెల్లు రాత నాన్నగారి చేతిదా, కనీసం దాని కింద ఆయన సంతకం ఉందా అన్నది చూడాలి. వాది రాసుకుని తానే సంతకం పెట్టుకుంటే గడువు పొడగదు. మీకిచ్చిన జిరాక్సు కాదు, కోర్టులో ఉన్న అసలు నోటు వెనక వైపు లాయర్ చేత చూపించుకోండి. సిరా రంగు మారిందా, వాక్యం ఇరుకులో దూర్చినట్టుందా చూడండి. సంతకం ఫోర్జరీ అంటే నిపుణుడికి పంపమని పిటిషన్ వేయవచ్చు, పోల్చడానికి అదే కాలం నాటి నిజమైన సంతకాలు కావాలి: బ్యాంకు కాగితాలు, రిజిస్ట్రేషన్ కాగితాలు.

రైతుబిడ్డ:
నోటు మీద సంతకమే తనది కాదని కొట్టేస్తే పోలా? ఇంకేం మిగలదు.

గుంటూరు అడ్వకేట్:
నోటు నాన్నగారే రాసిచ్చి ఉంటే అలా అనకూడదు. నిపుణుడు సంతకం ఆయనదేనని తేలిస్తే చెల్లు గురించి నిజం చెప్పినా జడ్జి నమ్మడు. అప్పు తీసుకున్నది ఒప్పుకుని, చెల్లు మాత్రం కాదని ఒక్కో పేరాకి సూటిగా జవాబివ్వాలి. గమ్మున వదిలేసిన పేరాని ఒప్పుకున్నట్టే తీసుకోవచ్చు.

వకీలు గుమాస్తా:
అప్పు ఒప్పుకున్నాక ఇక చెల్లు మీదే దావా అంతా ఆధారపడుతుంది, అది ప్రమాదం. లోక్ అదాలత్‌లో అసలు మూడు లక్షలకి రాజీ పడటం మేలని నా అభిప్రాయం.

గుంటూరు అడ్వకేట్:
అసలు నోటు చూడకముందే రాజీ మాట ఎత్తడం నాకు నచ్చదు. చూశాక మాట్లాడదాం.

పల్నాటి కుర్రాడు:
రేపు నోటు చూడటానికి లాయర్ని కలుస్తాను. వకాల్తా ఫారం ఈ రోజే కొరియర్ చేస్తున్నా.