పోచంపల్లి చీర: సిల్క్ మార్క్ ఉంటే చేనేతేనా?

వసుధ: నేను కొనాలనుకుంటున్న పోచంపల్లి పట్టుచీర ఫొటోలు మూడు పెట్టాను: ఏనుగుల బొమ్మలున్న కొంగు, అంచు, లేబుల్. లేబుల్‌పై సిల్క్ మార్క్ ఉంది. ఇది చేనేతేనా?

చీరలపెట్టె: హోలోగ్రామ్, నంబరు స్పష్టంగా కనిపిస్తున్నప్పుడు సందేహం దేనికి? ఇరవై ఏళ్లుగా ఆ ముద్ర చూసే కొంటున్నాను, ఒక్కసారీ మోసపోలేదు.

గుంటమగ్గం: ఆ ముద్ర పట్టు స్వచ్ఛమైనదని మాత్రమే చెబుతుంది, మరమగ్గంపై నేసిన స్వచ్ఛమైన పట్టుకూ అది దొరుకుతుంది. చేతిమగ్గానికి 2006లో వచ్చిన హ్యాండ్‌లూమ్ మార్క్ వేరు, అది ఈ ఫొటోల్లో లేదు. ఇక కొంగు ఫొటోను పెద్దది చేసి చూస్తే, ఏనుగుల చుట్టూ రంగు పేక వెంట అడ్డంగా చెదిరింది. ఆ చెదురు ఒక్కో ఏనుగుకు ఒక్కో తీరుగా ఉంది. అచ్చు వేసిన బట్టలో అదే చెదురు ప్రతి బొమ్మకూ యథాతథంగా తిరిగి వస్తుంది. కాబట్టి ఇది ఇక్కత్ అని, అంటే నేతకు ముందే పోగులకు చిటికి కట్టి రంగు వేశారని నమ్మవచ్చు.

రమణి: మా అమ్మాయి పెళ్లికి కొన్న చీర రెండో ఉతుకుకే రంగు వదిలింది. దానికీ లేబుల్ ఉంది.

చీరలపెట్టె: ఇక్కత్ అని మీరే ఒప్పుకున్నారు, అంచున సూది రంధ్రాలూ ఉన్నాయి. ఇంతకంటే చేనేతకు రుజువేం కావాలి?

గుంటమగ్గం: రంధ్రాలు మరమగ్గం బట్టకూ పడతాయి. చిటికి కట్టిన పోగును మరమగ్గానికి ఎక్కించడమే నేటి సమస్య. అంచు దగ్గర పేక పోగులు వెనక్కి మళ్లకుండా తెగి కుచ్చులా ఉంటే చేతిమగ్గం కాదని ధైర్యంగా చెప్పవచ్చు. మళ్లి ఉన్నంత మాత్రాన చేతిమగ్గమని చెప్పలేము, నాడెతో నడిచే మరమగ్గంలోనూ అవి అలాగే మళ్లుతాయి.

చీరలపెట్టె: మీకు ప్రతిదానిలో మోసమే కనిపిస్తుంది. ఇలా భయపెడితే కొనేవాళ్లే ఉండరు!

గుంటమగ్గం: మరమగ్గం చీర చేనేత ధరకు అమ్ముడుపోతే ఆగిపోయేది మా ఇంటి మగ్గమండీ. మా నాన్నగారు ఇప్పటికీ గుంటలో కూర్చుని నేస్తున్నారు.

చీరలపెట్టె: మీ బాధను కాదనను. అయితే నేను డబ్బిచ్చేది పట్టుకూ పనితనానికీ. ఏ మగ్గమైనా నాకొకటే.

వసుధ: నేను మాత్రం చేతినేతకే ఆ ధర ఇస్తున్నాను. అమ్మేవారిని ఏమడగాలి?

గుంటమగ్గం: లేబుల్ ఒక్కదాన్నే దగ్గరగా తీసిన ఫొటో పనికిరాదమ్మా, ఒక చీరది మరో చీరపై పెట్టి తీయవచ్చు. హ్యాండ్‌లూమ్ మార్క్ లేబుల్ చీరకు కుట్టి ఉండగా, పక్కనే ఏనుగు బొమ్మ కూడా కనిపించేలా ఒకే ఫొటో అడగండి. లేబుల్‌పై నంబరు చదవగలిగేలా ఉండాలి.

వసుధ: అడిగాను. లేబుల్ ఫొటోనే మళ్లీ పంపారు.