మొత్తం ఐక్యూ 116 వచ్చింది, "ఏ సమస్యా లేదు, బద్ధకమే" అన్నారు: ఇక్కడితో ఆపాలా, ఇంకా పరీక్షలు చేయించాలా?

కాజీపేట నాన్న:
మా బాబుకు 9 ఏళ్లు, నాలుగో తరగతి, ఇంగ్లీష్ మీడియం. రామప్ప గుడి ఇటుకలు నీళ్లల్లో ఎందుకు తేలుతాయో సాంద్రత లెక్కతో సహా చెప్తడు. అదే రాయమంటే గంటైనా నాలుగు లైన్లు దాటవు. టెస్టు చేయించినం. మాటలు 134, బొమ్మలతో ఆలోచన 126, గుర్తుంచుకొని పని చేయడం 91, వేగం 83, మొత్తం 116. క్లాసులో పాస్ అవుతున్నడు కదా అని పంపించేసిండ్రు. మీ అభిప్రాయం చెప్పండి.

పరకాల బడి సారు:
అన్నా, ఇరవై రెండేళ్లుగా పాఠాలు చెప్తున్న. 116 అంటే తెలివైన పిల్లవాడే. తెలివి ఉండి రాయట్లేదంటే అలవాటు లేకనే. రోజూ ఒక పేజీ కాపీ రైటింగ్ పెట్టండి. ప్రతి పిల్లవాడికీ ఒక పేరున్న జబ్బు అంటగడితే వాడే దాన్ని నమ్మి కూర్చుంటడు. ఈ మాట కోపంతో అనట్లేదు, అట్ల కూర్చున్న పిల్లల్ని కళ్లతో చూసిన.

మంచిర్యాల ఇంజనీర్:
సార్, 134కీ 83కీ మధ్య 51 పాయింట్ల తేడా ఉంది. నేను చదివినంతవరకు అంత తేడా ఉంటే ట్వైస్ ఎక్సెప్షనల్ అన్నట్టే. తెలివీ ఎక్కువ, లోపల లెర్నింగ్ డిసెబిలిటీ కూడా ఉన్నట్టు. ఇంకా టెస్టులు ఎందుకు, నేరుగా సర్టిఫికెట్ తీసుకోండి.

జగిత్యాల అమ్మ:
మా పాపది కూడా ఇదే వయసు, గురుకులం ఐదో తరగతి ఎంట్రన్స్‌కు కోచింగ్ పెట్టినం. తెలివైన పిల్లలకు మంచి కోచింగ్ దొరికితే చాలు అన్నా, హనుమకొండలో చాలా ఉన్నయి. ఐక్యూ టెస్టుకు పెట్టే డబ్బులు దానికి పెట్టండి.

కాజీపేట నాన్న:
అక్కా, నేను అడిగింది కోచింగ్ గురించి కాదు. వానికి విషయం తెలుసు, అది కాగితం మీదికి వస్తలేదు.

పిల్లల సైకాలజిస్ట్, హనుమకొండ:
ఆ 116ను ముందు పక్కన పెట్టండి. వందమంది ఈడు పిల్లలను వరుసగా నిలబెడితే మీ బాబు మాటల్లో అందరికన్నా ముందుంటాడు, వేగంలో కింది నుంచి పదమూడో చోట ఉంటాడు. ఈ రెండింటినీ కలిపి సగటు తీస్తే వచ్చే అంకె ఆ పిల్లవాడిని చూపించదు. ఇలాంటి చోట మేం గుర్తుంచుకొని పని చేయడం, వేగం రెంటినీ తీసేసి మిగతా వాటితో ఇంకో స్కోరు కడతాం, జనరల్ ఎబిలిటీ ఇండెక్స్ అంటారు. మీ బాబుకు అది 130 దాటుతుందని నా అంచనా. రిపోర్టులో సబ్‌టెస్టుల పేజీ ఇవ్వకపోతే అడిగి తీసుకోండి.

అయితే మంచిర్యాల తమ్ముడు అన్నదాంట్లో సగమే నిజం. తేడా ఉంటే అనుమానించాలి, అంతే. తెలివైన పిల్లల్లో స్కోర్లు ఎగుడుదిగుడుగా ఉండటం మామూలే. వేగం టెస్టులో పెన్సిల్‌తో రెండు నిమిషాలు గుర్తులు వేయాలి. చెయ్యి నెమ్మదైనా, ప్రతి గీతా అందంగా రావాలని పట్టుబట్టినా అక్కడ స్కోరు పడిపోతుంది. కాబట్టి ఐక్యూ టెస్టు మాత్రమే చూసి చదువులో లోపం ఉందనీ చెప్పలేం, లేదనీ చెప్పలేం. చదివించి, రాయించి చూడాలి. అదీ తెలుగులో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి. అంతకుముందు కళ్లు, చెవులు చూపించారా?

కాజీపేట నాన్న:
చూపించినం మేడమ్, రెండూ బాగున్నయి. కానీ చదవడం బాగనే చదువుతడు కదా. కథ చదివి అడిగిన ప్రశ్నలన్నిటికీ జవాబు చెప్తడు.

పిల్లల సైకాలజిస్ట్, హనుమకొండ:
ఇలాంటి పిల్లలు మనల్ని ఏమార్చేది అక్కడే. నా దగ్గరికి వచ్చిన ఒక పాప సంగతి చెప్తాను. ఇంగ్లీష్ కథలో హౌస్ అని ఉన్నచోట హోమ్ అని, పోనీ అని ఉన్నచోట హార్స్ అని చదివింది. అర్థం ఎక్కడా చెడలేదు, ప్రశ్నలన్నిటికీ సరిగ్గా చెప్పింది. అంటే అక్షరాలు చదవట్లేదు, కథను బట్టి ఊహించుకుంటోంది. తర్వాత అర్థంలేని మాటల కాగితం పెట్టాను. ఊహకు అక్కడ పని ఉండదు. "తెగ్లుము" అని రాసి ఉంటే కాసేపు చూసి "తెలుగు" అంది. మూడుసార్లు అడిగినా అదే. అంత చురుకైన పాప ఆ ఒక్క కాగితం దగ్గర చెమటలు పట్టి కుర్చీలో వెనక్కి జరిగింది.

రాతకు ఇంట్లోనే మీరు ఒకటి చేయొచ్చు. ఐదు లైన్లు చూసి రాయమనండి, ఐదు లైన్లు మీరు చెప్తుంటే రాయమనండి, ఇంకో రోజు వాడికి ఇష్టమైనదాని గురించి సొంతంగా రాయమనండి. టైం రాసుకోండి. చూసి రాయడం కూడా కష్టమైతే చెయ్యి, పెన్సిల్ పట్టు వైపు చూడాలి. చూసి బాగా రాసి, చెప్తే ఒత్తులు, దీర్ఘాలు పోతుంటే శబ్దానికీ అక్షరానికీ మధ్య లంకె దగ్గర ఇబ్బంది ఉంది. ఆ రెండూ బాగుండి సొంతంగా రాసేటప్పుడే ఆగిపోతే కారణం వేరే ఉంటుంది. ఇది పరీక్ష కాదు, ఏ పరీక్ష చేయించాలో తెలుసుకోవడానికి.

పరకాల బడి సారు:
మేడమ్, హౌస్, హోమ్ సంగతి విన్నాక మా క్లాసులో ఒక పిల్ల గుర్తొచ్చింది, రేపు ఆమెతోటి చదివించి చూస్త. కానీ ఒకటి అడుగుతా. నాలుగో తరగతి పిల్లవాడు పాస్ అవుతుంటే ఏ డాక్టరు సర్టిఫికెట్ ఇస్తడు? అది రానప్పుడు ఈ టెస్టులన్నీ ఎందుకు?

పిల్లల సైకాలజిస్ట్, హనుమకొండ:
సార్, గట్టి ప్రశ్నే అడిగారు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో లెర్నింగ్ డిసెబిలిటీ ఉంది. 2018లో వచ్చిన మార్గదర్శకాల్లో ఐక్యూ 85 దాటిన పిల్లలకే నిమ్హాన్స్ బ్యాటరీ, అంటే చదువు, రాత, లెక్క చూసే పరీక్షల వరుస, పెట్టాలని ఉండేది. అంటే ఎక్కువ తెలివి అడ్డం కాదు. చిక్కంతా ఆ బ్యాటరీ దగ్గర. చదువు, రాత, లెక్క సాధారణంగా రెండు తరగతులు వెనకబడి ఉంటేనే లోపం అంటారు. ఈ బాబు ఆరో తరగతి పిల్లవాడిలా ఆలోచించి నాలుగో తరగతి పిల్లవాడిలా రాస్తే కాగితం మీద అంతా సరిగ్గానే ఉన్నట్టు. నేనైతే తప్పొప్పులతో పాటు ఎంతసేపు పట్టిందో, ఎన్నిసార్లు దిద్దుకున్నాడో కూడా రిపోర్టులో రాస్తాను. సర్టిఫికెట్ రాకపోయినా ఆ రిపోర్టు చూసి నోటితో జవాబు చెప్పనిచ్చిన బడులు ఉన్నాయి. ఒప్పుకోనివీ ఉన్నాయి.

మంచిర్యాల ఇంజనీర్:
అంటే తెలివి ఎక్కువ ఉన్నందుకే సాయం దొరకదన్నట్టు కదా. తన సొంత తెలివితో పోల్చి చూడాలి, క్లాసుతో కాదు.

పిల్లల సైకాలజిస్ట్, హనుమకొండ:
అలా చేస్తే ఐక్యూ 95 ఉండి అంతే కష్టపడి చదివే పిల్ల వరుసలో వెనక్కి పోతుంది తమ్ముడూ. ఆ పిల్లకూ అదే సాయం కావాలి. దీని మీద మా వాళ్లలోనే ఏకాభిప్రాయం లేదు.

కాజీపేట నాన్న:
మేడమ్, మీరు చెప్పినట్టు చేసిన. చూసి రాయడం తొమ్మిది నిమిషాలు, తప్పు ఒక్కటే. చెప్తే రాయడం పదహారు నిమిషాలు, ఒత్తులు పదకొండు పోయినయి. నిన్న రామప్ప గురించి సొంతంగా రాయమన్న. నోటితో మూడు నిమిషాలు ఆపకుండా చెప్పినోడు ముప్పై ఐదు నిమిషాల్లో నాలుగు లైన్లు రాసిండు. "ఇటుక బరువు తక్కువ" అని ఉంది. సాంద్రత అని ఎందుకు రాయలేదురా అంటే, "దాంట్ల ఒత్తు ఎక్కడ పెట్టాల్నో నాకు తెల్వది నాన్నా, బరువు అయితే వస్తది" అన్నడు. సోమవారం ఆ మూడు కాగితాలు, సబ్‌టెస్టుల పేజీ పట్టుకొని ఇంకో దగ్గరికి తీసుకపోతున్న.