డిస్క్ నుంచి పేజీ వచ్చాక పేజ్ టేబుల్‌ని దిద్దేది ఎవరు?

కానూరు_సీఎస్ఈ

గురువారం మాకు ఓఎస్ ఇంటర్నల్ ఉంది. డిమాండ్ పేజింగ్‌లో ఒక్క చోట నాకూ మా రూమ్మేట్‌కీ తెగడం లేదు. ప్రోగ్రామ్ తాకిన పేజీ మెమరీలో లేదు, ఫాల్ట్ వచ్చింది, కెర్నల్ డిస్క్‌కి రీడ్ పంపింది, ప్రాసెస్ నిద్రపోయింది. ఇక్కడిదాకా గొడవ లేదు. డిస్క్ పని అయ్యాక ఇంటరప్ట్ వస్తుంది కదా, ఆ ఇంటరప్ట్ హ్యాండ్లరే పేజ్ టేబుల్‌లో ప్రెజెంట్ బిట్ పెట్టేస్తుందని వాడంటాడు. నోట్స్‌లో వరుస చదివితే అలాగే అనిపిస్తుంది కూడా. కానీ ఆ క్షణంలో సీపీయూ మీద నడుస్తున్నది ఇంకేదో ప్రాసెస్. దాని మధ్యలో దూరి మన పేజ్ టేబుల్‌ని దిద్దుతారా? లినక్స్‌లో నిజంగా ఏం జరుగుతుందో చూసినవాళ్లు చెప్పండి.

బెంజిసర్కిల్_జావా

మీ రూమ్మేట్ చెప్పిందే సరి తమ్ముడూ. ఇంటరప్ట్ హ్యాండ్లర్ కూడా కెర్నల్ కోడే, కెర్నల్‌కి ఎవరి పేజ్ టేబుల్ అయినా అందుతుంది. కాబట్టి ఎవరు నడుస్తున్నారన్నది లెక్కలోకి రాదు. పేజ్ ఫాల్ట్ అంటేనే డిస్క్ రీడ్. అది పూర్తవగానే హ్యాండ్లర్ ఎంట్రీ దిద్దుతుంది, ప్రాసెస్ రెడీ క్యూలోకి వెళ్తుంది, వంతు వచ్చినప్పుడు తర్వాతి ఇన్‌స్ట్రక్షన్ నుంచి సాగిపోతుంది.

బ్రాడీపేట_కెర్నల్

జావా గారూ, కెర్నల్‌కి ఎవరి పేజ్ టేబుల్ అయినా అందుతుందన్నది నిజమే. అందినంత మాత్రాన ఇంటరప్ట్‌లో దాన్ని దిద్దుతారని కాదు. లినక్స్‌లో డిస్క్ ఇంటరప్ట్ మన పేజ్ టేబుల్ జోలికే పోదు. ఒక కేసు పట్టుకుని చివరిదాకా నడుద్దాం.

x86-64 మిషన్ అనుకోండి. ఒక ఫైలుని `mmap` చేస్తే అది `0x7f3a5c000000` దగ్గర కూర్చుంది. ప్రోగ్రామ్ `0x7f3a5c005123` నుంచి ఒక బైట్ చదవబోయింది. పేజీ 4096 బైట్లు కాబట్టి చివరి మూడు అంకెలూ పేజీ లోపలి దూరం. కావాల్సింది ఫైలులో 20480వ బైట్ దగ్గర మొదలయ్యే పేజీ.

సీపీయూ ముందు టీఎల్‌బీలో వెతికింది, దొరకలేదు. అప్పుడు హార్డ్‌వేరే పేజ్ టేబుల్ నాలుగు మెట్లూ దిగి చూసింది. చివరి ఎంట్రీలో ప్రెజెంట్ బిట్ సున్నా. ఇక్కడిదాకా కెర్నల్‌కి ఏ సంగతీ తెలియదు. సీపీయూ ఇప్పుడు 14వ నంబర్ ఎక్సెప్షన్ లేపుతుంది. తాకబోయిన అడ్రసుని సీఆర్2 రిజిస్టర్‌లో పెడుతుంది. ఆగిపోయిన ఇన్‌స్ట్రక్షన్ అడ్రసు, ఫ్లాగులు, స్టాక్ పాయింటర్, వాటితోపాటు ఒక ఎర్రర్ కోడ్ కెర్నల్ స్టాక్ మీదికి చేరతాయి. యూజర్ ప్రోగ్రామ్ లేని పేజీని చదవబోతే ఆ కోడ్ 4, రాయబోతే 6, పేజీ ఉండి కూడా రాయడానికి అనుమతి లేకపోతే 7. ప్రోగ్రామ్ క్రాష్ అయినప్పుడు `dmesg`లో `segfault at 0` అనే లైను చివర్లో `error 4` అని చూసే ఉంటారు, ఆ 4 ఇదే.

కెర్నల్ మొట్టమొదట సీఆర్2ని చదివి దాచుకుంటుంది. ఈలోగా ఇంకో ఫాల్ట్ వస్తే అందులో ఉన్నది చెరిగిపోతుంది. అందుకే ఆ పని అయ్యేదాకా ఇంటరప్టులు మూసే ఉంటాయి. తర్వాత ఆ అడ్రసు ఈ ప్రాసెస్‌కి ఇచ్చిన ప్రాంతాల్లో ఎక్కడైనా పడుతుందా, అక్కడ చదవడానికి అనుమతి ఉందా అని చూస్తుంది. లేకపోతే `SIGSEGV`, కథ అక్కడితో అయిపోతుంది. ఉంటే, ఇది ఫైలు పేజీ కాబట్టి ముందు పేజ్ క్యాష్‌లో వెతుకుతుంది. ఇంకెవరో ఆ ఫైలుని ఇంతకుముందే చదివి ఉంటే పేజీ అక్కడే ఉంటుంది. ఎంట్రీ రాసేసి వెనక్కి వచ్చేస్తుంది. దీన్నే మైనర్ ఫాల్ట్ అంటారు, డిస్క్‌తో పనే లేదు. నడుస్తున్న సిస్టమ్‌లో ఎక్కువ ఫాల్టులు ఇలాంటివే.

క్యాష్‌లో కూడా లేదనుకుందాం, అప్పుడది మేజర్ ఫాల్ట్. ఖాళీ ఫ్రేమ్ ఒకటి తీసుకుని, దానికి లాక్ వేసి, పేజ్ క్యాష్‌లో చేర్చి, డిస్క్‌కి రీడ్ పంపుతుంది. ఆ తర్వాత చేసే పని మీ ప్రశ్నకి చాలా ముఖ్యం. ఫాల్ట్ కోసం పట్టుకున్న అడ్రస్ స్పేస్ లాక్‌ని వదిలేసి, పేజీ లాక్ తీసేదాకా ప్రాసెస్ నిద్రపోతుంది. డేటా డీఎంఏ ద్వారా నేరుగా ఫ్రేమ్‌లోకి దిగుతుంది. డిస్క్ పని ముగిసిందని ఇంటరప్ట్ వచ్చాక జరిగేది మూడే మూడు: పేజీలో డేటా సరిగ్గా ఉందని గుర్తు పెట్టడం, పేజీ లాక్ తీయడం, దానికోసం ఎదురుచూస్తున్నవాళ్లని లేపడం. మన పేజ్ టేబుల్ ఎంట్రీ అప్పటికీ సున్నాగానే ఉంది.

ప్రాసెస్‌కి మళ్లీ సీపీయూ దొరికినప్పుడు అది లేచేది కెర్నల్ లోపలే. అక్కడ ఫాల్ట్ పనిని మొదటినుంచి మళ్లీ చేస్తుంది, కోడ్‌లో దీని పేరు `VM_FAULT_RETRY`. అడ్రసు ఏ ప్రాంతానిదో కూడా మళ్లీ వెతుకుతుంది, ఎందుకంటే ఇది నిద్రలో ఉండగా ఇంకో త్రెడ్ ఆ ప్రాంతాన్ని `munmap` చేసి ఉండొచ్చు. ఈసారి పేజీ క్యాష్‌లో దొరుకుతుంది. ఫ్రేమ్ నంబర్, ప్రెజెంట్ బిట్ రాసేది ఇప్పుడు, రాసేది ఆ ప్రాసెసే.

ఇంటరప్ట్ ఎందుకు చేయదంటే, ఆ మార్పుకి తీసుకోవాల్సిన లాకుల్లో నిద్రపోవాల్సి వచ్చేవి ఉంటాయి, ఇంటరప్ట్‌లో నిద్రపోకూడదు. పైగా ఆ ఒక్క పేజీ కోసం నాలుగు ప్రాసెస్‌లు ఎదురుచూస్తుండొచ్చు. ఎవరి టేబుల్‌ని వాళ్లు లేచాక దిద్దుకుంటారు.

ఇక తర్వాతి ఇన్‌స్ట్రక్షన్ సంగతి. స్టాక్ మీద దాచింది ఫాల్ట్ అయిన ఇన్‌స్ట్రక్షన్ అడ్రసునే. ఆ బైట్ ఇంకా చదవలేదు కదా, తర్వాతిదానికి పోతే రిజిస్టర్‌లో చెత్త ఉంటుంది. అదే ఇన్‌స్ట్రక్షన్ మళ్లీ నడుస్తుంది.

బెంజిసర్కిల్_జావా

మళ్లీ మొదటినుంచి నడిస్తే, పెద్ద కాపీ సగంలో ఫాల్ట్ అయినప్పుడు సగం కాపీ రెండుసార్లు జరగదా? `rep movsb` లాంటిది ఒకే ఇన్‌స్ట్రక్షన్ కదా.

బ్రాడీపేట_కెర్నల్

మంచి ప్రశ్న. అది ఒక్కో బైట్ కాపీ అవుతున్నకొద్దీ లెక్క, రెండు అడ్రసులూ రిజిస్టర్లలో ముందుకి జరుగుతూ ఉంటాయి. ఫాల్ట్ వచ్చేసరికి అవి ఎక్కడ ఉన్నాయో, మళ్లీ మొదలైనప్పుడు అక్కడి నుంచే సాగుతుంది. మామూలు లోడ్ అయితే ఫలితం రిజిస్టర్‌లోకి రాకముందే ఫాల్ట్ అవుతుంది, కాబట్టి రెండోసారి నడిచినా తేడా రాదు. ఎనిమిది బైట్ల లోడ్ రెండు పేజీల సరిహద్దు మీద పడితే మాత్రం ఒకే ఇన్‌స్ట్రక్షన్ రెండుసార్లు ఫాల్ట్ అవ్వచ్చు.

మిర్చియార్డు_లెక్కలు

మాది గుంటూరులో కమీషన్ కొట్టు అండి. లెక్కల కంప్యూటర్ పాతది, ర్యామ్ 4 జీబీ, మామూలు హార్డ్ డిస్క్. మా అబ్బాయి ఉబుంటు వేసిచ్చాడు. సీజన్‌లో లెక్కల ఫైళ్లూ బ్రౌజరూ కలిపి తెరిస్తే మౌస్ కూడా కదలదు, డిస్క్ లైటు ఆరదు. మీరు చెప్పే ఫాల్ట్ ఇదేనా? డిస్క్ పాడైందంటారా?

అరండల్‌పేట_సిసాడ్మిన్

అండీ, పేజ్ ఫాల్ట్‌లో ఫాల్ట్ అన్నది చెడిపోవడం కాదు, డిస్క్ మీద అప్పుడే అనుమానం పెట్టుకోకండి. ర్యామ్ చాలక పేజీలు డిస్క్ మీద ఉండే స్వాప్‌లోకి పోతూ వస్తూ ఉండొచ్చు. హార్డ్ డిస్క్‌లో చెల్లాచెదురుగా ఉన్న పేజీలు తేవాలంటే ఒక్కోదానికి సుమారు 10 మిల్లీసెకన్లు పడుతుంది, అంటే సెకనుకి వంద పేజీలు. మెమరీని తాకడానికి 100 నానోసెకన్లు అనుకుంటే, లక్ష తాకుళ్లలో ఒక్కటి డిస్క్‌కి వెళ్లినా సగటు రెట్టింపవుతుంది. వెయ్యిలో ఒకటి వెళ్తే వంద రెట్లు. మౌస్ ఆగిపోయేది అందుకే.

టెర్మినల్‌లో `vmstat 1` కొట్టి, స్తంభించినప్పుడు స్వాప్ నుంచి వచ్చేవి చూపే `si`, స్వాప్‌లోకి పోయేవి చూపే `so` కాలమ్స్‌లో ఏం వస్తుందో ఇక్కడ పెట్టండి.

కానూరు_సీఎస్ఈ

థాంక్స్ అన్నా. చేసి చూశాను. 64 ఎంబీ ఫైలు, పేజీకి ఒక బైట్:

```c
volatile char *p = mmap(NULL, 64UL << 20, PROT_READ,
                        MAP_PRIVATE, fd, 0);
for (size_t i = 0; i < 64UL << 20; i += 4096)
    (void)p[i];
```

`/usr/bin/time -v`తో నడిపాను. రెండోసారికి మేజర్ సున్నా, మీరు చెప్పినట్టే. కానీ పేజీలు 16384 అయితే మైనర్ ఫాల్టులు వెయ్యి పైచిలుకే వచ్చాయి. మిగతా 15 వేలు ఏమయ్యాయి?

బ్రాడీపేట_కెర్నల్

పోలేదు, అసలు రాలేదు. ఫైలు పేజీని చదివేటప్పుడు ఫాల్ట్ వస్తే, దాని చుట్టుపక్కల క్యాష్‌లో ఇప్పటికే ఉన్న పేజీలకి కూడా కెర్నల్ అదే ఊపులో ఎంట్రీలు రాసేస్తుంది. మామూలు సెట్టింగ్‌లో ఆ కిటికీ 64 కేబీ, అంటే 16 పేజీలు. 16384ని 16తో భాగిస్తే 1024. పైన కనిపించే మిగతావి ప్రోగ్రామ్ మొదలవడానికి అయ్యేవి.

ఫైలు లేకుండా `MAP_ANONYMOUS`తో చేసి, `PROT_WRITE` కూడా ఇచ్చి, `MADV_NOHUGEPAGE` పెట్టి, ముందు అన్ని పేజీలూ చదివి తర్వాత రాయి. చదివినప్పుడు అన్నిటికీ ఒకే సున్నాల పేజీని తగిలిస్తుంది, అదీ చదవడానికి మాత్రమే. రాసినప్పుడు మళ్లీ ఫాల్ట్, కోడ్ 7, అప్పుడు సొంత ఫ్రేమ్ ఇస్తుంది. పేజీకి రెండు చొప్పున 32768 దగ్గరకి రావాలి.

ఓఎస్_పాఠం

నేను ఈ సబ్జెక్ట్ చెబుతాను. పరీక్షకి ఒక మాట. పాఠంలో వరుస "ఇంటరప్ట్ వచ్చింది, తర్వాత పేజ్ టేబుల్ దిద్దారు, తర్వాత ఇన్‌స్ట్రక్షన్ మళ్లీ మొదలైంది" అని ఉంటుంది. లినక్స్ ఆ వరుసని తప్పడం లేదు, దిద్దేది ఎవరన్నది పాఠం చెప్పదు, అంతే. జవాబులో ఆ క్రమం రాస్తే చాలు. ఫ్రేములు ఖాళీ లేనప్పుడు ఒక పేజీని బయటికి పంపాలని, అది మారి ఉంటే ముందు డిస్క్‌కి రాయాలని తప్పకుండా రాయి బాబూ, మార్కులు అక్కడే పోతాయి.

బ్రాడీపేట_కెర్నల్

మేడం, ఆ బయటికి పంపడం దగ్గర నాకు ఇబ్బంది. ఫాల్ట్ వచ్చాకే పేజీని ఎంచి, రాసి, అప్పుడు చదువుతుందని పిల్లలకి ముద్రపడిపోతోంది. లినక్స్‌లో `kswapd` ఖాళీ ఫ్రేములు తగ్గుతున్నప్పుడే వెనకాల ఆ పని చేసిపెడుతుంది. అది అందుకోలేనప్పుడే ఫాల్ట్ అయిన ప్రాసెస్ స్వయంగా వెతుక్కోవాల్సి వస్తుంది.

ఓఎస్_పాఠం

నిజమే, కానీ ఐదు మార్కుల జవాబులో అదంతా ఇమడదు. వరుస వచ్చాకే `kswapd` చెప్పాలన్నది నా అభిప్రాయం.

మిర్చియార్డు_లెక్కలు

కొట్టి చూశాం. ఆగిపోయినప్పుడు `si`, `so` రెండూ వేలల్లో వస్తున్నాయి. `wa` 80 దాటుతోంది.

అరండల్‌పేట_సిసాడ్మిన్

పేజీలు ఒకేసారి పోతూనూ ఉన్నాయి, వస్తూనూ ఉన్నాయి, అంటే ర్యామ్ చాలడం లేదు. బ్రౌజర్ పూర్తిగా మూసి, లెక్కల ఫైళ్లు మాత్రం తెరిచి రెండు నిమిషాలు చూడండి. మొదట్లో `si` కొంచెం వస్తుంది, స్వాప్‌లో ఉన్నవి తిరిగి రావాలి కాబట్టి. ఆ తర్వాత రెండూ సున్నాకి వస్తే ఇంకో 4 జీబీ వేయిస్తే సరిపోవచ్చు. సున్నాకి వచ్చాక కూడా `wa`, అంటే సీపీయూ డిస్క్ కోసం ఊరికే కాచుకునే సమయం శాతం, అలాగే ఉంటే అప్పుడు `dmesg` చివరి లైన్లు పెట్టండి, డిస్క్ సంగతి చూద్దాం.