12వ రోజు బేబీ, జ్వరం లేదు, సీఆర్పీ 4. మళ్లీ ఆంపి-జెంటా మొదలుపెట్టాలా?

తొలిఏడాది_పీజీ
రాత్రి నుంచి ఒక బేబీ గురించి టెన్షన్‌గా ఉంది. 31 వారాలకు పుట్టింది, 1380 గ్రాములు, ఇవాళ 12వ రోజు. ఉమ్మనీరు ముందే పోయిందని పుట్టగానే ఆంపిసిలిన్, జెంటామైసిన్ మొదలుపెట్టి, కల్చర్ నెగెటివ్ అని 48 గంటలకు ఆపేశారు. తర్వాత బాగానే ఉంది. రెండు గంటలకోసారి ట్యూబ్‌లో 14 ఎం.ఎల్. పాలు పడుతున్నాయి, మిగతా పోషణ పిక్ లైన్‌లో వెళ్తోంది, ఆ లైన్ వేసి 9 రోజులైంది. రాత్రి 10 నుంచి 2 లోపు మూడుసార్లు ఊపిరి ఆగింది, అంతకుముందు రోజుకి ఒక్కటి ఉంటే ఎక్కువ. టెంపరేచర్ 36.6, తెల్లకణాలు 7,200, సీఆర్పీ 4. నెలలు నిండని పిల్లల్లో వచ్చే అప్నియానే కదా, కెఫీన్ పెంచుదాం అనుకున్నా. డ్యూటీ సిస్టర్ మాత్రం "బేబీ ఎందుకో తేడాగా ఉంది డాక్టర్" అని రెండుసార్లు వచ్చి చెప్పారు. సెప్సిస్ అనుకుంటే మళ్లీ ఆంపి-జెంటానే ఇవ్వాలా?

రెండోఏడాది
సీఆర్పీ 10 లోపు ఉంటే సెప్సిస్ లేనట్టే. 12 గంటలు ఆగి మళ్లీ చెయ్యి, పెరిగితే అప్పుడు నేరుగా మెరోపెనెమ్ వేసెయ్. అనవసరంగా యాంటీబయాటిక్స్ ఇవ్వడం కూడా తప్పే, అది మర్చిపోవద్దు.

ఇంక్యుబేటర్_పక్కన
నేను నర్సుని, పద్నాలుగేళ్లుగా ఈ పిల్లల దగ్గరే ఉన్నా. డాక్టర్ గారూ, ఆ 36.6ని చూసి ధైర్యపడకండి. ఇంక్యుబేటర్ స్కిన్ మోడ్‌లో ఉంటే బేబీ ఒళ్లు చల్లబడినప్పుడల్లా మెషీనే గాలి వేడి పెంచి 36.5 దగ్గర నిలబెడుతుంది, అందుకే చార్టులో టెంపరేచర్ గీత ఎగుడుదిగుడు లేకుండా కనిపిస్తుంది. మీరు చూడాల్సింది పక్క కాలమ్‌లో ఉండే గాలి వేడి. నిన్న సాయంత్రం ఎంత, ఇప్పుడు ఎంత? అలాగే పాలు పట్టేముందు ట్యూబ్ లాగితే ఎంత మిగిలి వస్తోంది, ఏ రంగులో వస్తోంది? పాదాలు పట్టుకుని చూశారా?

తొలిఏడాది_పీజీ
సిస్టర్, ఇప్పుడే చూసొచ్చా. గాలి వేడి సాయంత్రం 6కి 31.8, ఇప్పుడు 34.4. నేను అసలు ఆ కాలమ్ చూడనే లేదు. రెండు ఫీడ్ల నుంచి 14లో 6 ఎం.ఎల్. వెనక్కి వస్తోంది, కాస్త పచ్చగా ఉంది. గుండె వేగం 148 ఉండేది 175 అయింది. పాదాలు చల్లగా, చర్మం మచ్చలు మచ్చలుగా ఉంది, ఛాతీ మీద వేలితో నొక్కి వదిలితే రంగు రావడానికి 4 సెకన్లు పడుతోంది. షుగర్ 190, డ్రిప్‌లో ఏమీ మార్చలేదు.

నియో_పాతకాపు
ఇంక ఆగొద్దు. ఇది సెప్సిసే అనుకుని నడువు, తర్వాత కాదని తేలితే ఆపేద్దాం. ముందు పాలు ఆపి పొట్ట ఎక్స్‌రే తీయించు, పచ్చగా వస్తోందంటే పేగు సంగతి కూడా చూడాలి. చేతి నరం నుంచి 1 ఎం.ఎల్. రక్తం కల్చర్‌కి తీయి, వీలైతే లైన్ నుంచి ఇంకొకటి. అర ఎం.ఎల్. కూడా లేని సీసా పంపి నెగెటివ్ వచ్చిందంటే దానికి పెద్దగా అర్థం లేదు. రక్తం దొరకడం లేదని మొదటి డోసుని గంట దాటించొద్దు.

సీఆర్పీ గురించి రెండోఏడాది చెప్పింది సగం నిజం. కాలేయం దాన్ని తయారుచేసి రక్తంలోకి వదలడానికి గంటలు పడుతుంది, ఇన్ఫెక్షన్ మొదలైన ఏడెనిమిది గంటల్లోపు మామూలుగానే ఉండొచ్చు. మొదటి సీఆర్పీ చూసి మందు మొదలుపెట్టకుండా ఉండటం ప్రమాదం. 24 గంటల తర్వాత కూడా తక్కువగానే ఉండి, కల్చర్ పెరగక, బేబీ కుదురుకుంటే అప్పుడు మందు ఆపడానికి అది మంచి సాక్ష్యం.

ఇక మందు. ఆంపి-జెంటా పుట్టిన మొదటి 72 గంటల కోసం. అప్పుడు క్రిములు తల్లి నుంచి వస్తాయి, గ్రూప్ బి స్ట్రెప్, ఈ.కోలి లాంటివి. నీ బేబీ 12 రోజులుగా ఉన్నది వార్డులో, మన చేతుల్లో, ఒక ప్లాస్టిక్ గొట్టంతో. వచ్చేవి వార్డు క్రిములు, అంటే స్టాఫైలోకాకస్, క్లెబ్సియెల్లా, సూడోమోనాస్. పైగా ఇప్పటికే 48 గంటలు ఆంపి-జెంటా చూసిన బేబీ. స్టాఫ్ కోసం ఒకటి, గ్రామ్ నెగెటివ్ కోసం అమికాసిన్, ఇలా మొదలుపెట్టు. గత ఆరు నెలల్లో మీ వార్డు కల్చర్లలో ఏం పెరిగింది, దేనికి లొంగింది అన్న లిస్టు ల్యాబ్‌లో అడుగు. నా మాట కన్నా ఆ కాగితం మాటే వినాలి.

కల్చర్_టేబుల్
మైక్రోబయాలజీ వైపు నుంచి. స్టాఫ్ కోసం వాంకోమైసిన్ అని వెంటనే రాసేస్తారు, మీ దగ్గర ఎంఆర్ఎస్ఏ అరుదైతే క్లాక్సాసిలిన్‌తో మొదలుపెట్టొచ్చని నా అభిప్రాయం. చర్మం మీద ఉండే కోయాగులేజ్ నెగెటివ్ స్టాఫ్ దానికి చాలావరకు లొంగదు, నిజమే, కానీ అది నెమ్మదిగా నడుస్తుంది, రిపోర్టు వచ్చాక మార్చుకునే టైమ్ ఉంటుంది. సెఫోటాక్సిమ్‌ని మాత్రం ఊరికే వాడేయకండి, దాన్ని విరివిగా వాడిన వార్డుల్లో మొండి క్లెబ్సియెల్లా, కాండిడా రెండూ పెరుగుతాయి.

నియో_పాతకాపు
లైన్ ఉండి ఇంత వేగంగా దిగజారుతున్న బేబీకి నేనైతే వాంకోనే ఇస్తాను. మీతో ఇందులో ఏకీభవించలేను.

చిన్నోడి_అమ్మ
నేను డాక్టర్‌ని కాదు, చదువుతుంటే భయమేసి రాస్తున్నా. మావాడు నెలలు నిండి పుట్టాడు, ఇంటికి తెచ్చుకున్నాక 19వ రోజు ఉన్నట్టుండి పాలు తాగడం మానేశాడు. జ్వరం లేదు. ఏడవలేదు కూడా, నిద్రలో సన్నగా మూలుగుతూ ఉన్నాడు, బుద్ధిగా పడుకున్నాడని అనుకున్నాం. ఆసుపత్రిలో వెన్నులోంచి నీరు తీసి మెదడు పొర జ్వరం అన్నారు. ఆంపిసిలిన్, సెఫోటాక్సిమ్ ఇచ్చారు. ఇక్కడ రెండూ వద్దంటున్నారు, మావాడికి తప్పు మందులు వాడారా?

నియో_పాతకాపు
లేదమ్మా, సరైన మందులే వాడారు. మీవాడు ఇంటి నుంచి వచ్చాడు, వార్డు క్రిములు వాడికి సోకే అవకాశం తక్కువ. జెంటామైసిన్, అమికాసిన్ వెన్ను నీటిలోకి సరిగా చేరవు, సెఫోటాక్సిమ్ చేరుతుంది. అది లిస్టీరియా మీద పనిచేయదు కాబట్టి ఆంపిసిలిన్ తోడు పెడతారు. రెండూ 72 గంటలు దాటాక వచ్చిన సెప్సిస్‌లే, కానీ బిడ్డ అప్పటిదాకా ఎక్కడున్నాడన్న దాన్ని బట్టి మందు మారుతుంది. పాలు మానేసి మూలుగుతున్న పసిబిడ్డని జ్వరం లేకపోయినా అప్పటికప్పుడే తీసుకెళ్లాలి, మీరు అదే చేశారు.

తొలిఏడాది_పీజీ
అప్‌డేట్. వాంకో, అమికాసిన్ ఇచ్చాం. మా లిస్టులో క్లెబ్సియెల్లా ఎక్కువగా అమికాసిన్‌కి లొంగుతోంది. ఎక్స్‌రేలో పేగు గోడలో గాలి లేదు. కల్చర్ 15 గంటలకే మోగింది, గ్రామ్ నెగెటివ్ కడ్డీలు. మర్నాటి సీఆర్పీ 61. వాంకో ఆపేసి, లైన్ తీసేశాం. మధ్యలో బీపీ పడిపోయి డోపమైన్ పెట్టాల్సి వచ్చింది, అప్పుడు మెరోపెనెమ్‌కి మార్చాం. ఫైనల్ రిపోర్టు క్లెబ్సియెల్లా, అమికాసిన్‌కి కూడా లొంగుతుందట.

రెండోఏడాది
అంటే మొదటే మెరో వేసి ఉంటే సరిపోయేది కదా.

కల్చర్_టేబుల్
ఈ బేబీకి కాదు, అమికాసిన్‌కి లొంగే క్రిమే కదా. ప్రతి బేబీకీ మొదటే మెరో వేస్తే ఏడాది తర్వాత ఆ లిస్టులో మెరోకి లొంగనివే మిగులుతాయి.

నియో_పాతకాపు
బీపీ పడిపోయినప్పుడు మార్చడం నేనూ చేసేవాణ్ణే, అందులో తప్పు పట్టను. వెన్ను నీరు తీశారా?

తొలిఏడాది_పీజీ
లేదు సార్, అప్పుడు ప్లేట్‌లెట్లు 32,000, బేబీ కదిలిస్తే తట్టుకునేలా లేదు. ఇవాళ నాలుగో రోజు, ప్లేట్‌లెట్లు 85,000. ఇప్పుడు తీస్తే కల్చర్ ఎలాగూ పెరగదు, కణాల లెక్క ఒక్కటే దొరుకుతుంది. 14 రోజులా, మెనింజైటిస్ అనుకుని 21 రోజులా అన్నది తేలడం లేదు.

నియో_పాతకాపు
అయినా తీయి. కణాలు, ప్రోటీన్ నాలుగు రోజుల మందుకి పూర్తిగా మామూలైపోవు. అప్పటికీ తేలకపోతే నేను 21 వైపే ఉంటాను, వేరేవాళ్లు ఒప్పుకోకపోవచ్చు.

ఇంక్యుబేటర్_పక్కన
గాలి వేడి ఎంతుంది డాక్టర్ గారూ?

తొలిఏడాది_పీజీ
32.0, సిస్టర్. నిన్న సాయంత్రం నుంచి అక్కడే ఉంది.