సొంత వెబ్‌సైటులో కస్టమర్ రివ్యూలు: తక్కువ రేటింగులను ఏం చేయాలి?

ప్రశ్న అడిగినవారు (ఏసీ సర్వీసు నిర్వాహకుడు, గుంటూరు):
అందరికీ నమస్కారం. ఇళ్లలోనూ చిన్న దుకాణాలలోనూ ఏసీ సర్వీసు, బిగింపు, గ్యాస్ ఫిల్లింగ్ చేసే సంస్థ మాది. పని పూర్తయిన రోజు సాయంత్రమే కస్టమరుకు వాట్సాప్‌లో లింకు పంపి రివ్యూ కోరుతున్నాము. ఇంతవరకు 48 వచ్చాయి. వాటిలో ఐదు స్టార్లవి 33, నాలుగువి 6, మూడువి 2, రెండువి 2, ఒక్క స్టారువి 5. ఇప్పుడు వీటిని మా వెబ్‌సైటులో పెట్టాలనుకుంటున్నాము. సైటు తయారు చేస్తున్న అబ్బాయి, నాలుగు స్టార్లు, ఆపైన ఇచ్చినవారి మాట సైటులోకి, మిగిలినవారి మాట మాకు మాత్రమే కనిపించే ఫిర్యాదు ఫారానికి వెళ్లేలా ఏర్పాటు చేస్తానంటున్నాడు. ఇది సరైన పద్ధతేనా? ఇంకొక చిక్కు కూడా ఉంది. ఒక రివ్యూలో మా టెక్నీషియన్ పేరు, ఫోను నంబరు రాశారు. మరొకదానిలో ఒక బూతు మాట ఉంది. వీటిని తీసివేయవచ్చునా?

వెబ్‌సైట్లు తయారు చేసే సభ్యుడు:
ఆ అబ్బాయి చెప్పినది చాలామంది చేస్తున్నదేనండీ. అయితే అన్నీ ఐదు స్టార్లే కనిపిస్తే చూసేవారికి అనుమానం వస్తుంది కాబట్టి, ఒకటి రెండు తక్కువ రేటింగులు కూడా ఉంచండి. అలాగే పేజీ కోడులో సగటు రేటింగును గూగుల్‌కు తెలిపే `AggregateRating` చేర్పించండి, గూగుల్‌లో మీ సైటు పేరు కింద స్టార్లు వస్తాయి.

వినియోగదారుల వ్యవహారాలు చూసే న్యాయవాది:
పై సలహాలో రెండు అంశాలను సరిచేయవలసి ఉంది. మీలాగా పేజీ కోడులో `LocalBusiness`, అంటే స్థానిక వ్యాపారం, కింద వచ్చే సంస్థ తన సొంత సైటులో తన గురించే పెట్టుకున్న రివ్యూలకు ఫలితాలలో స్టార్లు చూపడాన్ని గూగుల్ 2019 సెప్టెంబరులోనే ఆపేసింది. ఇక నమ్మకం కలిగించడానికి ఒకటి రెండు చెడ్డవాటిని ఎంచి ఉంచడం కూడా వడపోతే. చూసేవారు ఆ రెండింటినే మీ లోపాల మొత్తంగా భావిస్తారు.

వడపోత ఎంత మారుస్తుందో మీ లెక్కతోనే చూడండి. 48 రివ్యూల మొత్తం 204 స్టార్లు, అంటే సగటు 4.25. నాలుగు, ఐదు స్టార్లవి 39 మాత్రమే చూపితే సగటు 4.85 అవుతుంది. ఆ సంఖ్య చూసి మిమ్మల్ని పిలిచినవారికి మీరు చెప్పినది అబద్ధం కాకపోయినా, వారు అర్థం చేసుకున్నది మాత్రం తప్పే. ఆన్‌లైన్ రివ్యూల సేకరణ, పరిశీలన, ప్రచురణ గురించి భారతీయ ప్రమాణాల సంస్థ 2022లో ఐఎస్ 19000 అనే ప్రమాణాన్ని విడుదల చేసింది. అది స్వచ్ఛందమైనదిగానే వచ్చింది. అయితే వినియోగదారుల రక్షణ చట్టం కింద 2020లో వచ్చిన ఈ-కామర్స్ నియమాలు, అమ్మేవారే కస్టమర్లలా నటించి రివ్యూలు రాయడాన్ని నిషేధించాయి. మీ సిబ్బంది రాసినవి ఆ 48లో ఉంటే ముందుగా వాటిని తీసివేయండి.

ఫోను నంబరు, బూతు విషయానికి వస్తే, ప్రతి రివ్యూకు నేను ఒకే ప్రశ్న వేసుకోమంటాను: ఇదే మాట ఐదు స్టార్ల రివ్యూలో ఉంటే అప్పుడు కూడా ఆపేవారా? నంబరును ఎవరు రాసినా ఆపుతారు కాబట్టి నంబరునూ, టెక్నీషియన్ పేరునూ తీసి, అక్కడ “వ్యక్తిగత వివరం తొలగించాము” అని రాయండి, మిగిలిన ఫిర్యాదును ముట్టుకోకండి. బూతు ఉన్నదానిని రాసినవారికి తిరిగి పంపి ఆ ఒక్క మాట మార్చమని అడగండి. వారం రోజుల్లో బదులు రాకపోతే ఆ మాటను మాత్రం చుక్కలతో కప్పి ప్రచురించండి. వారిచ్చిన స్టారు రెండు సందర్భాలలోనూ లెక్కలో ఉండాలి. వాక్యాలను మీరు మార్చి రాయకూడదు, అక్షర దోషాలతో సహా. ఏది ఎందుకు ఆపారో ఒక పట్టికలో తేదీతో రాసుకోండి, రేపు ఎవరైనా అడిగితే చూపడానికి పనికివస్తుంది.

ఇప్పుడు మీరొక పని చేయండి. ఆ తొమ్మిది తక్కువ రేటింగులు ఏ పనికి వచ్చాయో, పని జరిగిన ఎన్ని రోజులకు వచ్చాయో బిల్లులతో సరిచూసి చెప్పండి.

బ్యూటీ పార్లరు నడిపే సభ్యురాలు:
మాకు గూగుల్ మ్యాప్‌లో ఒకావిడ అన్యాయంగా ఒక్క స్టారు ఇచ్చారండీ. దానిని తీయించడానికి ఎవరికి రాయాలి? మంచి రివ్యూ రాసినవారికి తరువాతి ఫేషియల్‌పై పదిశాతం తగ్గిస్తామని బోర్డు కూడా పెట్టాము.

న్యాయవాది:
అమ్మా, ఇక్కడ అడిగినది సొంత సైటు గురించి. అయినా ఒక మాట చెబుతాను. ఆ బోర్డు తీసేయండి. రివ్యూకు బదులుగా తగ్గింపు ఇవ్వడం గూగుల్ నిబంధనలకు విరుద్ధం, దానితో మీకు నిజంగా వచ్చిన మంచి మాట కూడా అనుమానానికి గురవుతుంది. ఒక్క స్టారు విషయంలో, ఆవిడ మీ దగ్గరకు రానే రాలేదని మీ రిజిస్టరు చెబితే మ్యాప్‌లోనే ఆ రివ్యూ పక్కనున్న మెనూ నుంచి ఫిర్యాదు చేయవచ్చు. మాట నచ్చకపోవడం మాత్రం ఫిర్యాదుకు కారణంగా చెల్లదు.

ప్రశ్న అడిగినవారు:
బిల్లులతో సరిచూశాను. సిబ్బంది రాసినవి లేవు. గ్యాస్ ఫిల్లింగ్‌కు మొత్తం 11 రివ్యూలున్నాయి. మూడు ఐదు స్టార్లు, రెండు నాలుగు స్టార్లు, మూడు స్టార్లది ఒకటి, రెండు స్టార్లది ఒకటి, ఒక్క స్టారువి నాలుగు. మంచి అయిదూ పని జరిగిన సాయంత్రమే వచ్చాయి. చెడ్డ ఆరూ పది పదిహేను రోజుల తరువాత పాత లింకు తెరిచి రాసినవి. మళ్లీ చల్లదనం తగ్గిందన్నదే అందరి ఫిర్యాదు.

న్యాయవాది:
మీ ప్రశ్నకు జవాబు మీ బిల్లులలోనే ఉంది. గ్యాస్ పని సగటు 2.9, మిగిలిన 37 రివ్యూల సగటు 4.65. మొత్తానికి 4.25 అని ఒకే సంఖ్య చూపితే, సర్వీసు చేయించుకునేవారికి మీరు ఉన్నదానికంటే తక్కువగానూ, గ్యాస్ నింపించుకునేవారికి ఉన్నదానికంటే చాలా ఎక్కువగానూ కనిపిస్తారు. కాబట్టి పనుల వారీగా విడదీసి, ఒక్కొక్కదాని పక్కన రివ్యూల సంఖ్య, ప్రతి రివ్యూకు పని జరిగిన నెల చూపండి. పదకొండు మాటల సగటు ఒక్క కొత్త రివ్యూతో కదిలిపోతుంది కాబట్టి, ఆ సంఖ్య కనబడకుండా సగటు మాత్రం పెట్టకూడదు.

రివ్యూ అడిగే సమయం కూడా మారాలి. గ్యాస్ నింపిన సాయంత్రం ఏ ఏసీ అయినా చల్లగానే ఉంటుంది. లీకు పట్టుకోకుండా నింపితే అది బయటపడేది ఆ తరువాతే. బిగింపు, సర్వీసులకు రెండు మూడు రోజుల తరువాత, గ్యాస్‌కు మూడు వారాల తరువాత లింకు పంపండి. లింకు బిల్లు నంబరుకు ముడిపడి ఒక్కసారే పనిచేయాలి, పనైన ప్రతి కస్టమరుకూ వెళ్లాలి. గొడవ పడ్డ ఇంటికి పంపకుండా ఉండటం కూడా వడపోతేనని మీ ఆఫీసులో కూర్చునేవారికి చెప్పండి.

ఏసీ పనిలో అనుభవమున్న సభ్యుడు:
ఆ ఆరు ఇళ్లలో లీకు పట్టుకోవడానికి నైట్రోజన్‌తో ప్రెషర్ పరీక్ష చేశారా అని అడగవలసిందండీ. చేయకపోతే రివ్యూలను ఎలా అమర్చినా ఆ ఫిర్యాదులు వస్తూనే ఉంటాయి.

ప్రశ్న అడిగినవారు:
నాలుగు ఇళ్లలో చేయలేదని మావాళ్లు ఒప్పుకున్నారు. ఇప్పుడు ఆ ఆరుగురికీ ఉచితంగా మళ్లీ పని చేసి పెడతాము. అది జరిగాక వారు రేటింగు మార్చుకుంటే పాతది తీసేయవచ్చునా?

న్యాయవాది:
రేటింగు మార్చమని షరతు పెట్టి మాత్రం పని చేయకండి. వారంతట వారే మారిస్తే కొత్త రేటింగును లెక్కలోకి తీసుకుని, పాత మాటను దాని కిందనే తేదీతో ఉంచాలన్నది నా అభిప్రాయం. మీ జవాబులో “మళ్లీ వచ్చి లీకు సరిచేశాము, ఈ పనికి డబ్బు తీసుకోలేదు” అని రాస్తే చాలు, ఆ ఇల్లు ఏ వీధిలో ఉందో చెప్పనవసరం లేదు.

వెబ్‌సైట్లు తయారు చేసే సభ్యుడు:
స్టార్ల విషయం నాకు ఇప్పుడే తెలిసింది, ధన్యవాదాలు. కానీ పాత మాట ఉంచడాన్ని నేను ఒప్పుకోను. రాసినవారే వెనక్కి తీసుకున్నదాన్ని మనం వారి పేరుతో చూపడం వారికి ఇష్టమో కాదో అడగాలి కదా?

న్యాయవాది:
అడగడం న్యాయమే. వారు వద్దంటే “ఈ రివ్యూను రాసినవారు మార్చారు” అన్న గుర్తు ఒక్కటే ఉంచవచ్చు. అది సరిపోతుందా అన్నది ఇతర సభ్యులు కూడా చెప్పాలి.