ఆఫీసుకు రమ్మనే ప్రకటనలో బ్యాడ్జ్ లెక్క రాయాలా, వద్దా?

కొత్త మేనేజరు: 60 మంది ఉన్న మా విభాగం వారానికి 3 రోజులు ఆఫీసుకు రావాలని ప్రకటన రాశాను. "మన సంస్కృతిని బలోపేతం చేసేందుకు" అని మొదలుపెట్టి, "హాజరును బ్యాడ్జ్ రికార్డులతో పరిశీలిస్తాం" అని ముగించాను. చదివిన సహోద్యోగి ఇది శిక్షలా ఉందన్నారు. ఎక్కడ తప్పింది?

హెచ్ఆర్ పాతకాపు: చివరి వాక్యం కంటే మొదటి వాక్యమే ఎక్కువ చేటు చేస్తోంది. సంస్కృతి అన్న మాటను ఎవరూ కాదనలేరు, ఎవరూ నమ్మరు కూడా. కొత్తగా చేరినవారు చిన్న సందేహానికి సైతం మరుసటి రోజు దాకా ఎదురుచూడవలసి వస్తోందనుకుందాం. అదే కారణమైతే అదే రాయండి. అప్పుడు ఆ 3 రోజులు జట్టు మొత్తానికీ ఒకటే కావాలని కూడా తేలుతుంది. లేకపోతే ఒక్కొక్కరు ఒక్కో రోజు వచ్చి, హెడ్‌ఫోన్లు పెట్టుకుని వీడియో కాల్స్‌లో మాట్లాడుకుంటారు, మీ కారణం మొదటి వారంలోనే వీగిపోతుంది.

నిక్కచ్చి మనిషి: బ్యాడ్జ్ వాక్యం ఉండాల్సిందే. లెక్క చూస్తూ చూడనట్టు నటించడం అంతకంటే అన్యాయం.

రాత్రి షిఫ్టు: ఇంటి నుంచే పని ఎక్కువ జరుగుతుంది. ఇక చర్చ దేనికి?

హెచ్ఆర్ పాతకాపు: అడిగింది అది కాదండీ. నిక్కచ్చి గారూ, దాచమని నేననలేదు. ఆ రికార్డులు ఎవరు చూస్తారో, దేనికి వాడతారో విడిగా, ప్రశ్నోత్తరాల పత్రంలో చెప్పమంటున్నాను.

నిక్కచ్చి మనిషి: అంటే అడుగున దాచడమే కదా! నియమం అమలుకు ముందు గడువు ఇస్తే సరిపోతుందంటారా, దానివల్ల మాత్రం ఏమవుతుంది? అమెజాన్ 2024 సెప్టెంబరులో 5 రోజుల నియమం ప్రకటించి, 2025 జనవరి 2 దాకా సమయమిచ్చింది. అయినా ఉద్యోగుల్లో అసంతృప్తి ఆగలేదు.

హెచ్ఆర్ పాతకాపు: గడువు మెప్పు కోసం కాదు, పిల్లల సంరక్షణ, ప్రయాణం, ఇంటి అద్దె ఒప్పందం సర్దుకోవడానికి. నేనైతే మొదటి 4 వారాలు మేనేజర్లను మాత్రమే రప్పిస్తాను, తరువాతి 8 వారాలు అందరికీ 2 రోజులు, ఆపైన 3. మినహాయింపు దగ్గర "ప్రత్యేక సందర్భాల్లో పరిశీలిస్తాం" అని వదిలేయకుండా, ఎవరు నిర్ణయిస్తారో, ఎన్ని రోజుల్లో జవాబిస్తారో రాసి, జవాబు వచ్చేదాకా ప్రస్తుత ఏర్పాటే కొనసాగుతుందని చేర్చండి. వైద్య పత్రాలు మేనేజరు చేతికి కాక హెచ్ఆర్‌కే వెళ్లాలి.

దూరవాసి: నన్ను చేర్చుకున్నప్పుడు శాశ్వతంగా ఇంటి నుంచే పని అని రాతపూర్వకంగా ఇచ్చారు. ఆ మాట నమ్మి ఊరు మారాను. ఇప్పుడు నన్ను "మినహాయింపు" కోసం దరఖాస్తు పెట్టుకోమంటున్నారు. ఇచ్చిన మాటను దయగా మార్చి చూపే ప్రకటన ఎంత మెత్తగా ఉంటే నాకేం?

నిక్కచ్చి మనిషి: నేనూ చెప్పేది అదే! మాకు తీయటి ప్రకటన ఇచ్చి, 3 నెలల తరువాత అదే బ్యాడ్జ్ లెక్క చూపి నా రేటింగ్ తగ్గించారు. ముందే తెలిస్తే వేరే దారి చూసుకునేవాణ్ణి.

హెచ్ఆర్ పాతకాపు: రేటింగ్‌కు ముడిపెట్టేటట్లయితే మీరన్నదే సరి, ఆ వాక్యం ప్రకటనలోనే ఉండాలి, అక్కడ నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. దూరవాసి గారి వంటివారిని మినహాయింపుల కింద చేర్చకూడదు. వారికి నియమం వర్తించదని మొదటి పేరాలోనే రాయాలి, లేదా ఎవరికి వారికి ముందే ఫోన్ చేసి ఒప్పందం తిరిగి మాట్లాడుకోవాలి.

కొత్త మేనేజరు: మా విభాగంలో అటువంటివారు 7 మంది ఉన్నారు. వారినీ 3 రోజులు రప్పించాలని పైవారు పట్టుబడుతున్నారు.

దూరవాసి: అయితే మీరు రాయవలసిన మొదటి ఉత్తరం మాకు కాదు, మీ పైవారికి.